తూకం నిలిచేదాకా

పల్లీ కొనే వ్యాపారి కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. లోపల గింజ గలగలమంటే ఆరిందని, చప్పుడు రాకపోతే ఇంకా పచ్చి ఉందని లెక్క. చెవితో తేల్చే ఆ సంగతినే త్రాసు మీద అంకెల్లో తేల్చమంటుంది ఫుడ్ టెక్నాలజీ, హోమ్ సైన్స్ ప్రాక్టికల్ పరీక్ష. చీటీ తీస్తే అందులో ఉండేది ఒక్క వాక్యమే: ఇచ్చిన పల్లీ పొడిలో తేమ, బూడిద, ముడి కొవ్వు ఎంత శాతమో కనుక్కోండి.

1860లలో జర్మనీలోని వీండేలో హెన్నెబెర్గ్, స్టోమాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పశువుల మేతను అంచనా కట్టడానికి ఏర్పరచిన పద్ధతే ఇప్పటికీ మన ల్యాబుల్లో నడుస్తోంది. మూడు ప్రయోగాలుగా కనిపించినా చేసే పని ఒకటే. తూచాలి, ఒకదాన్ని వేరు చేయాలి, మళ్లీ తూచాలి. అందుకే ఇన్నేళ్లుగా పరీక్షకురాలిగా కూర్చుంటున్న నేను పిల్లల చేతుల్ని ఎక్కువగా గమనించేది పొయ్యి దగ్గర కాదు, త్రాసు దగ్గర.

మొదట తేమ. ఖాళీ గిన్నెను మూతతో సహా ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లార్చి తూచాలి. అందులో 5 గ్రాముల పొడి పలచగా పరిచి, 105 డిగ్రీల ఓవెన్‌లో మూత తీసి మూడు గంటలు ఉంచాలి. బయటికి తీయగానే మూత పెట్టి డెసికేటర్‌లో చేర్చాలి. అడుగున నీలం సిలికా గుళికలున్న మందపాటి గాజు పాత్ర అది. గుళికలు గులాబీ రంగుకు తిరిగాయంటే అవి తడి పీల్చే శక్తి కోల్పోయినట్టే, అందులో చల్లార్చినా ప్రయోజనం లేదు.

ఒకసారి ఒక అమ్మాయి గిన్నె గోరువెచ్చగా ఉండగానే త్రాసు మీద పెట్టింది. మా ఇద్దరి కళ్ల ముందే చివరి అంకెలు మెల్లగా పైకి పాకుతున్నాయి. 'మేడమ్, త్రాసు పాడైందా?' అని అడిగింది. త్రాసు బాగానే ఉంది. వేడి గిన్నె చుట్టూ ఉన్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దాంతోపాటు పళ్లాన్ని కాస్త ఎత్తుతుంది. గిన్నె చల్లారేకొద్దీ ఆ ఎత్తు తగ్గి అంకె పెరుగుతుంది. తొందరపడి మొదటి అంకె రాసుకుంటే గిన్నె అసలు కంటే తేలికగా కనిపించి, లేని తేమ ఉన్నట్టు తేలుతుంది. అరగంట ఆగి తూచమన్నాను, అంకె కదలలేదు.

ఒక్క తూకంతో పని అయిపోదు. మళ్లీ అరగంట వేడి చేసి, చల్లార్చి, తూచాలి. రెండు తూకాల మధ్య తేడా ఒక మిల్లీగ్రాము కూడా లేనప్పుడే నీరంతా పోయిందని నమ్మాలి. పల్లీ లాంటి నూనెగింజల్లో ఇంకో చిక్కుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని బరువు తిరిగి పెరుగుతుంది. అలా పెరిగిందంటే అంతకు ముందు వచ్చిన అతి తక్కువ బరువునే లెక్కలోకి తీసుకోవాలి. ఇక యాలకులు, లవంగాల పొడి ఇస్తే ఈ ఓవెన్ పద్ధతి పనికిరాదు. నీటితో పాటు వాటి సువాసన నూనె కూడా ఎగిరిపోయి, అదంతా తేమ ఖాతాలో పడుతుంది. అలాంటి వాటికి టోలీన్‌తో మరిగించి, దిగిన నీటిని గాజు గొట్టంలో కొలుస్తారు. వైవాలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

బూడిద దగ్గర తొందర ఇంకా ప్రమాదం. 3 గ్రాముల పొడిని సిలికా క్రూసిబుల్‌లో వేసి నేరుగా మఫిల్ ఫర్నేస్‌లోకి తోస్తే పల్లీ నూనె భగ్గున మండి, మసితో పాటు నమూనా రేణువులు కూడా లేచిపోతాయి. ముందు బర్నర్ మీద సన్నని సెగకు పొగ ఆగేదాకా మాడ్చాలి. ఆ తర్వాతే 550 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు. మసి త్వరగా పోతుందని వేడి బాగా పెంచితే సోడియం, పొటాషియం క్లోరైడ్లు ఆవిరైపోతాయి, బూడిద తక్కువగా తేలుతుంది.

తెల్లగానో లేత బూడిద రంగులోనో ఉండాల్సిన చోట నల్లచుక్కలు మిగిలితే, కరిగిన లవణాల పూత కింద బొగ్గు దాక్కుందని అర్థం. చల్లారాక రెండు మూడు చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేస్తే ఆ పూత కరుగుతుంది. ఆరబెట్టి మళ్లీ ఫర్నేస్‌లో పెడితే చుక్కలు పోతాయి. ఆఖరి గండం డెసికేటర్ మూత. లోపలి గాలి చల్లారి కుంచించుకుపోతుంది కాబట్టి మూత బిగుసుకుంటుంది. దాన్ని ఒక్కసారిగా లాగితే బయటి గాలి దూసుకొచ్చి, ఈకలా ఉన్న బూడిదను ఎగరేస్తుంది. మూతను పైకి ఎత్తకూడదు, పక్కకు మెల్లగా జరపాలి. ఆరు గంటల శ్రమ ఆ ఒక్క క్షణంలో గాలిపాలైన పిల్లల్ని చూశాను.

ముడి కొవ్వుకు వాడేది సాక్స్‌లెట్ పరికరం. పాలలో కొవ్వు తీయడానికి ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో దీన్ని వివరించాడు. ఆరబెట్టిన పొడిని కాగితపు థింబుల్‌లో వేసి పైన దూది పెడతారు. కింది ఫ్లాస్కులో పెట్రోలియం ఈథర్ మరిగి, ఆవిరై పైకెళ్లి, కండెన్సర్‌లో చల్లబడి థింబుల్ మీద చుక్కలుగా పడుతుంది. గది నిండగానే సైఫన్ గొట్టం గుండా మొత్తం ఒక్క ఊపున కిందికి దిగి, కరిగిన నూనెను ఫ్లాస్కులో వదులుతుంది. ఇలా ఆరేడు గంటలు. ఆ ద్రావకం ఇట్టే అంటుకునేది కనుక దగ్గర్లో మంట ఉండకూడదు, వాటర్ బాత్ మీదే వేడి చేయాలి. మూడు గంటల పరీక్షలో ఇదంతా సాగదు కాబట్టి చాలాచోట్ల పరికరం అమర్చి చూపించమని, లెక్కకు బరువులు ముందే ఇస్తారు.

నూనె పూర్తిగా దిగిందా అని ఎలా తెలుస్తుంది? థింబుల్ నుంచి కారే చుక్కను ఫిల్టర్ పేపర్ మీద పడనిచ్చి ఆరనివ్వాలి. జిడ్డు మరక మిగిలితే ఇంకా అవలేదు. పొడిలో తడి ఉన్నా పని పాడవుతుంది, నీటిని వదిలించుకోకుండా ఈథర్ రేణువు లోపలికి చొరబడలేదు. మరి 'ముడి' అనే మాట ఎందుకు? ఫ్లాస్కులో చేరేది నూనె ఒక్కటే కాదు, ఈథర్‌లో కరిగే రంగులు, స్టెరాల్స్ కూడా వస్తాయి.

ఇప్పుడు లెక్క చూడండి. గిన్నె, పొడి కలిపి 37.4380 గ్రాములు, అందులో పొడి 5.0220. మూడు గంటల తర్వాత 37.1412, ఆపై 37.1310, ఆపై 37.1302. తూకం నిలిచింది. పోయిన నీరు 0.3078 గ్రాములు, అంటే తేమ 6.13 శాతం. ఇంకో క్రూసిబుల్‌లో 3.0130 గ్రాముల పొడికి 0.0738 గ్రాముల బూడిద మిగిలింది, అది 2.45 శాతం. ఇక ఆరబెట్టిన పొడి 3.0000 గ్రాములు థింబుల్‌లో వేస్తే ఫ్లాస్కు బరువు 96.2150 నుంచి 97.7430కి పెరిగింది. కొవ్వు 1.5280 గ్రాములు, అంటే 50.93 శాతం.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. తేమ, బూడిద తెచ్చిన పొడి మీద లెక్కించినవి, కొవ్వు మాత్రం ఎండిన పొడి మీద లెక్కించింది. మూడూ ఒకే పట్టికలో పెట్టాలంటే కొవ్వును అసలు పొడికి మార్చాలి. వందలో 6.13 నీరు పోగా మిగిలేది 93.87 భాగాలు. 50.93ను 93.87తో గుణించి వందతో భాగిస్తే 47.81 శాతం. తనిఖీ ప్రమాణాల్లోనూ ఇదే మెలిక ఉంటుంది. గోధుమపిండిలో బూడిద 2 శాతం, మైదాలో 1 శాతం మించకూడదన్న నిబంధన ఎండిన పిండి మీద చెప్పిందే.

పరీక్షకు వెళ్లే పిల్లలకు ఒక మాట. శాతం రాశాక పక్కనే అది తెచ్చిన నమూనా మీదో, ఎండిన నమూనా మీదో రాయండి. అది లేని అంకెకు నేను పూర్తి మార్కులు వేయను.