ఒకే గాటన కట్టిన రేటు: ఏ ఆర్డర్ గిట్టింది, ఏది ముంచింది?

చేతి నిండా ఆర్డర్లున్నాయి. మెషిన్లు రెండు షిఫ్టులూ ఆగకుండా తిరుగుతున్నాయి. ఏ ఆర్డర్ లెక్క తీసినా కాగితం మీద లాభమే కనిపిస్తోంది. తీరా మార్చి 31న ఖాతాలు తేల్చి చూస్తే మిగిలింది అంతంత మాత్రం. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి లాంటి పారిశ్రామికవాడల్లో చిన్న ఇంజనీరింగ్ యూనిట్ నడిపేవాళ్లకు ఈ పరిస్థితి కొత్త కాదు. ముడిసరుకు ధరలనో, బకాయిలనో తప్పు పడతాం. ఒక్కోసారి అసలు లోపం కొటేషన్ వేసే పద్ధతిలోనే ఉంటుంది.

ఒక వస్తువు తయారీకి అయ్యే ఖర్చులో మూడు భాగాలుంటాయి. మొదటిది ముడిసరుకు, రెండోది దాని మీద నేరుగా పనిచేసిన కార్మికుల కూలి. ఈ రెంటినీ ఏ ఆర్డర్ ఖర్చు ఆ ఆర్డర్‌కు రాసుకోవచ్చు. మూడోది ఓవర్‌హెడ్, అంటే పరోక్ష ఖర్చు. షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, మెషిన్ల తరుగుదల, మరమ్మతులు, సూపర్‌వైజర్ జీతం అన్నీ ఇందులోకే వస్తాయి. ఫలానా షాఫ్ట్ కోసం ఇంత అద్దె కట్టామని ఎవరూ చెప్పలేరు. అందుకే ఏడాది మొత్తం ఓవర్‌హెడ్‌ను ఏదో ఒక కొలతతో ఆర్డర్ల మీద పంచాలి. ఎక్కువమంది ఎంచుకునే తేలికదారి ఫ్యాక్టరీ అంతటికీ ఒకే రేటు: మొత్తం ఓవర్‌హెడ్‌ను మొత్తం కార్మిక గంటలతో భాగించి, ప్రతి ఆర్డర్‌కూ గంటకు ఇంత అని వేసేయడం.

ఒక నమూనా యూనిట్

పంపులు, వాటి విడిభాగాలు తయారుచేసే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. అందులో రెండు విభాగాలు. మెషినింగ్‌లో ఆరు సీఎన్‌సీ మెషిన్లు రెండు షిఫ్టులు నడుస్తాయి. ఏడాదికి 30,000 మెషిన్ గంటలు. ఒక ఆపరేటర్ రెండు మెషిన్లు చూస్తాడు. ఒకదానిలో జాబ్ బిగించి, సైకిల్ స్టార్ట్ నొక్కి, పక్కదాని దగ్గరికి వెళతాడు. కాబట్టి అక్కడ కార్మిక గంటలు 15,000 మాత్రమే. అసెంబ్లీలో 18 మంది ఫిట్టర్లు, ఏడాదికి 45,000 గంటలు.

ఇక ఓవర్‌హెడ్. మెషినింగ్‌కు ఏడాదికి 72 లక్షలు అవుతుంది. తరుగుదల 30 లక్షలు, కరెంటు 14, మరమ్మతులు 10, టూల్ ఇన్సర్టులు, కూలెంట్ కలిపి 9, అద్దె, సూపర్‌వైజర్ వగైరా 9 లక్షలు. అసెంబ్లీకి అయ్యేది 18 లక్షలే. అక్కడ ఉన్నవి వర్క్‌బెంచీలు, స్పానర్లు, ఒక హైడ్రో టెస్ట్ రిగ్గు. అద్దె, పర్యవేక్షణ, క్యాంటీన్ లాంటివే దాని ప్రధాన ఖర్చులు.

మొత్తం 90 లక్షలను 60,000 కార్మిక గంటలతో భాగిస్తే గంటకు 150 రూపాయలు. ఇది ఒకే రేటు. విభాగాల వారీగా వేస్తే సంగతి వేరు. మెషినింగ్‌లో ఖర్చుకు మూలం మెషిన్ తిరగడం. కాబట్టి 72 లక్షలను 30,000 మెషిన్ గంటలతో భాగించాలి. గంటకు 240 రూపాయలు. అసెంబ్లీలో పని నడిచేది మనిషి చేతి మీద. 18 లక్షలను 45,000 కార్మిక గంటలతో భాగిస్తే గంటకు 40 రూపాయలే. 240కీ 40కీ మధ్య ఉన్న తేడాను 150 అనే ఒక్క అంకె కప్పేస్తోంది.

రెండు ఆర్డర్లు, రెండు జాతకాలు

మొదటి ఆర్డర్ వంద పంపు షాఫ్ట్‌లు. టర్నింగ్, కీవే మిల్లింగ్ అంతా మెషిన్ల మీదే. జాబ్ కార్డు ప్రకారం 40 మెషిన్ గంటలు, 20 ఆపరేటర్ గంటలు, చివర్లో సర్ది ప్యాక్ చేయడానికి అసెంబ్లీలో 2 గంటలు. ముడిసరుకు 14,000 రూపాయలు, గంటకు వంద చొప్పున కూలి 2,200.

ఒకే రేటుతో చూస్తే 22 కార్మిక గంటలకు ఓవర్‌హెడ్ 3,300. మొత్తం ఖర్చు 19,500. దాని మీద 20 శాతం లాభం వేసుకుని 23,400కు కొటేషన్ పంపారు. కొనేవాడు బేరం కూడా ఆడకుండా ఆర్డర్ ఇచ్చేశాడు. విభాగాల రేటుతో చూస్తే 40 మెషిన్ గంటలకు 9,600, అసెంబ్లీకి 80, వెరసి ఓవర్‌హెడ్ 9,680. మొత్తం ఖర్చు 25,880. అంటే 3,900 లాభం వచ్చిందని సంతోషించిన ఆర్డర్ మీద 2,480 నష్టం.

రెండో ఆర్డర్ ఇరవై పంపుసెట్లు. కేసింగ్, ఇంపెల్లర్, మోటారు బయట కొన్నవే. బిగించడం, అలైన్‌మెంట్ చూడడం, నీటి ఒత్తిడి పరీక్ష చేయడం ఇక్కడి పని. 4 మెషిన్ గంటలు, 2 ఆపరేటర్ గంటలు, 40 ఫిట్టర్ గంటలు. సామగ్రి 30,000, కూలి 4,200.

ఒకే రేటుతో 42 గంటలకు ఓవర్‌హెడ్ 6,300. ఖర్చు 40,500, కొటేషన్ 48,600. పోటీదారు 45,000కు వేసి ఆర్డర్ తన్నుకుపోయాడు. ‘ఆ రేటుకు వాడికెలా గిట్టుతుంది?’ అని ఇక్కడ ఆశ్చర్యపోయారు. విభాగాల లెక్కలో ఈ పనికి పడే ఓవర్‌హెడ్ 2,560, మొత్తం ఖర్చు 36,760. అదే 45,000కు తీసుకున్నా 8,240 మిగిలేది.

ఒకే రేటు చేసే తప్పు ఎప్పుడూ ఒక దిశలోనే ఉంటుంది. ఖరీదైన మెషిన్ల మీద నడిచే పనిని చవకగా చూపిస్తుంది. చేతిపనిని ఖరీదుగా చూపిస్తుంది. అందువల్ల నష్టం తెచ్చే ఆర్డర్లు వచ్చిపడతాయి, లాభం తెచ్చేవి జారిపోతాయి.

మరుసటి ఏడాది

ఈ తప్పు అక్కడితో ఆగదు. పంపుసెట్ల ఆర్డర్లు తగ్గి, ఫిట్టర్ గంటలు 45,000 నుంచి 30,000కు పడిపోయాయనుకుందాం. మెషిన్లు మాత్రం నిండుగానే ఉన్నాయి. అద్దె, సూపర్‌వైజర్ జీతం తగ్గవు కాబట్టి అసెంబ్లీ ఓవర్‌హెడ్ 15 లక్షల దగ్గర ఆగింది. మొత్తం ఓవర్‌హెడ్ 87 లక్షలు. ఆర్డర్ల మీద వేసింది 45,000 గంటలకు 150 చొప్పున 67.5 లక్షలు. పంచకుండా మిగిలిన 19.5 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ రేటు చెప్పలేదు. పైగా వచ్చే ఏడాదికి 87 లక్షలను 45,000తో భాగిస్తే రేటు 193 దాటుతుంది. అంటే పంపుసెట్ల కొటేషన్ ఇంకా పెరుగుతుంది, ఉన్న ఆర్డర్లూ పోతాయి.

విభాగాల రేటు ఉండి ఉంటే లెక్క స్పష్టంగా కనిపించేది. మెషినింగ్‌లో 72 లక్షలు పూర్తిగా వసూలయ్యాయి. అసెంబ్లీలో 15 లక్షలకు 12 లక్షలే పడ్డాయి. లోటు 3 లక్షలు, దానికి కారణం ఫిట్టర్లకు పని లేకపోవడం. ఇప్పుడు చేయాల్సింది రేటు పెంచడం కాదు, అసెంబ్లీకి పని తేవడమని యజమానికి వెంటనే తెలిసేది.

అందుకే రేటు కట్టేటప్పుడు గంటలను గడ్డు ఏడాది అంకెలతో కాక, మామూలు పరిస్థితుల్లో విభాగం చేయగల పనితో లెక్కించాలి. భారత కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ప్రమాణం సీఏఎస్-3 కూడా స్థిర ఉత్పత్తి ఓవర్‌హెడ్‌ను సాధారణ సామర్థ్యం ఆధారంగానే పంచాలంటుంది. ఖాళీగా కూర్చున్న గంటల ఖర్చును కొనేవాడి నెత్తిన రుద్దితే వాడు పక్క షెడ్డుకు పోతాడు.

ఒకే రేటు ఎప్పుడు చాలు?

అన్ని యూనిట్లకూ ఈ శ్రమ అక్కర్లేదు. ఇదే యూనిట్‌లో 20 మెషిన్ గంటలు, 10 ఆపరేటర్ గంటలు, 30 ఫిట్టర్ గంటలు పట్టే ఆర్డర్ తీసుకోండి. ఒకే రేటుతో 40 గంటలకు 6,000. విభాగాల రేటుతో మెషినింగ్ 4,800, అసెంబ్లీ 1,200, మళ్లీ 6,000. ఎందుకంటే ఆ ఆర్డర్ రెండు విభాగాలనూ ఫ్యాక్టరీ మొత్తం వాడే నిష్పత్తిలోనే వాడుకుంది. చేసే పనులన్నీ ఇలా ఒకే దారిలో సాగేవైతే, లేదా రెండు విభాగాల ఖర్చు గంటకు దాదాపు ఒకటే అయితే, ఒకే రేటు సరిపోతుంది. దారులు వేరైనప్పుడే చిక్కు.

రేటు కట్టే తీరు

ముందు ఏ విభాగానికి చెందిన ఖర్చు దానికి రాయాలి: మెషిన్ల తరుగుదల మెషినింగ్‌కు, టెస్ట్ రిగ్గు ఖర్చు అసెంబ్లీకి. ఉమ్మడి ఖర్చులను తగిన కొలతతో పంచాలి. అద్దెను చదరపు అడుగుల చొప్పున, క్యాంటీన్‌ను మనుషుల సంఖ్యను బట్టి, కరెంటును సబ్‌మీటర్ రీడింగ్ ప్రకారం. సబ్‌మీటర్ లేకపోతే మోటార్ల హార్స్‌పవర్‌ను నడిచిన గంటలతో గుణించి పంచవచ్చు. తర్వాత మెయింటెనెన్స్, స్టోర్స్ లాంటి సహాయక విభాగాల వంతు. మెయింటెనెన్స్ వాళ్లు ఎక్కడ ఎన్ని గంటలు పనిచేశారో, స్టోర్స్‌కు ఎక్కడి నుంచి ఎన్ని ఇండెంట్లు వచ్చాయో చూసి ఆ ఖర్చును ఉత్పత్తి విభాగాలకు బదలాయించాలి. చివరికి వచ్చిన మొత్తాన్ని ఆయా విభాగాల గంటలతో భాగించాలి.

అసలు ఇబ్బంది గంటల నమోదులో వస్తుంది. ఆపరేటర్ షిఫ్టు చివర గుర్తున్నంతవరకు రాసిన జాబ్ కార్డు మీద ఎంత మంచి రేటు వేసినా ఫలితం తప్పే. సీఎన్‌సీ కంట్రోల్ తెర మీద కనిపించే సైకిల్ టైమ్‌తోనూ, సెట్టింగుకు పట్టిన సమయంతోనూ కార్డును సరిచూడాలి. ముఖ్యంగా సెట్టింగ్ సమయం. ఐదు పీసుల ఆర్డర్‌కూ ఐదు వందల పీసుల ఆర్డర్‌కూ సెట్టింగ్ ఒకటే కాబట్టి, దాన్ని వదిలేస్తే చిన్న ఆర్డర్లు చవకగా కనిపిస్తాయి.

విభాగాల రేటుకూ పరిమితులున్నాయి. ఒకే విభాగంలో పాత లేత్, కోటి రూపాయల మెషినింగ్ సెంటర్ పక్కపక్కన ఉంటే 240 కూడా మళ్లీ సగటే అవుతుంది. అప్పుడు ఒక్కో మెషిన్‌కూ విడి రేటు కట్టాల్సిందే. అలెగ్జాండర్ హ్యామిల్టన్ చర్చ్ అనే ఇంజనీరు 1901లోనే తన వ్యాసాల్లో ఈ వాదన చేశాడు. ఓవర్‌హెడ్‌ను కూలి మీద సగటుగా రుద్దకుండా ఒక్కో మెషిన్‌ను ఒక్కో ఉత్పత్తి కేంద్రంగా చూడమన్నాడు. ఇంకో జాగ్రత్త: 240లో ఎక్కువ భాగం మెషిన్ తిరిగినా తిరగకపోయినా అయ్యే ఖర్చే. మెషిన్ ఖాళీగా ఉన్న నెలలో ఒక ఆర్డర్‌ను తక్కువకు తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు కరెంటు, టూలింగ్ లాంటి అదనపు ఖర్చు చూడాలి కానీ పూర్తి రేటు కాదు. ఏడాది పొడవునా అలాగే తీసుకుంటే మాత్రం తరుగుదల డబ్బు ఎన్నటికీ చేతికి రాదు.

మీ యూనిట్ ఎక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గత ఏడాది గెలిచిన ఆర్డర్లు ఒక వైపు, పోయినవి ఒక వైపు రాయండి. ప్రతిదాని పక్కన మెషిన్ గంటలు, అసెంబ్లీ గంటలు వేయండి. గెలిచినవన్నీ మెషిన్ పనులై, పోయినవన్నీ అసెంబ్లీ పనులైతే మీ రేటు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోందని అనుమానించాల్సిందే. వచ్చే కొటేషన్‌ను రెండు రేట్లతోనూ వేసి చూశాకే సంతకం పెట్టండి.