బొమ్మ కడుపులో ఏముంది?

త్రీడీ ప్రింటర్‌లో తీసిన వినాయకుడి బొమ్మ లోపల దాదాపు డొల్లే. పైపొర కుంగకుండా కింద ఆసరా ఉంటే చాలు. అందుకే ‘లైట్నింగ్’ నింపుడు పైకి వెళ్లేకొద్దీ చెట్టుకొమ్మల్లా చీలి, పైపొరను మాత్రమే మోస్తుంది. సమయం, ప్లాస్టిక్ రెండూ మిగులుతాయి. అదే నింపుడుతో సంచి తగిలించే కొక్కెం తీస్తే మాత్రం పక్కగోడలకు లోపల పట్టుండదు, బరువుకు విరగొచ్చు.

కొక్కేనికి క్యూబిక్ లేదా గైరాయిడ్ పెట్టాలి. రెండూ అన్నివైపులా ఇంచుమించు సమానంగా బలమిస్తాయి. క్యూబిక్ గీతలు తిన్నగా ఉంటాయి కాబట్టి పని త్వరగా అవుతుంది. కానీ ఒకే పొరలో గీతలు దాటుకునే చోట ప్లాస్టిక్ ఉబ్బి, నాజిల్ తగిలి టకటకమంటుంది. గైరాయిడ్ అలలు దాటుకోవు. మలుపులెక్కువ కనుక ఆలస్యం. నేనైతే 15 శాతం గైరాయిడ్ పెట్టి, గోడలు నాలుగు వేస్తాను. పైన గుంటలు పడితే నింపుడు కన్నా ముందు పైపొరలు పెంచుతాను.