మ్యాచ్ మధ్యలో పీసీ ఆగిపోతే: మేనేజర్ రాయాల్సిన ఉత్తరం

కౌంటర్-స్ట్రైక్ 2 ఆన్‌లైన్ క్వాలిఫయర్ జరుగుతోందనుకుందాం. ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్లదే మ్యాప్. మన జట్టు 6-8తో వెనకబడి ఉంది. 15వ రౌండ్‌లో ఒక ఆటగాడి పీసీ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి గేమ్ తెరిస్తే మళ్లీ అదే తంతు. టెక్నికల్ పాజ్ గడువు దాటిపోయింది. ఓటమి ప్రకటించేలోగా మేనేజర్ నిర్వాహకులకు ఉత్తరం రాయాలి:

"నమస్కారం. రాత్రి 8:42కు మా ఆటగాడి పీసీ ఆగిపోయింది. సర్వర్ లాగ్‌లో ఆయన కనెక్షన్ తెగిన సమయం 15:12 యూటీసీ. మన లెక్కలో అది 8:42. ఈవెంట్ వ్యూయర్ లాగ్ ఫైల్, పాజ్ అడిగినప్పటి స్క్రీన్‌షాట్, రెండోసారి పీసీ ఆగిపోయిన వీడియో జతచేశాం. రేపు వేరే పీసీ సిద్ధం చేస్తాం. 6-8 స్కోరు నుంచే, 15వ రౌండ్ మొదటి నుంచి మ్యాచ్ కొనసాగించండి. రేపు సాయంత్రం 6 గానీ, 8 గానీ మాకు సమ్మతమే. ఎదుటి జట్టుకు ఏది వీలైతే అది ఖరారు చేయండి."

ఈ ఉత్తరానికి ప్రాణం ఆధారాలే. అయితే వాటిని చదవడం తెలిసుండాలి. విండోస్ `Kernel-Power 41` అనే నమోదును పీసీ ఆగినప్పుడు కాదు, మళ్లీ ఆన్ అయ్యాక రాస్తుంది. అందుకే దాని మీద 8:45 ఉండొచ్చు. పీసీ ఆగిన సమయం కోసం `6008` నమోదులోని వాక్యం చూడాలి. ఈ తేడా ముందే వివరించకపోతే, సమయాలు పొసగడం లేదని అడ్మిన్‌కు అనుమానం రావడం సహజం.

పైగా 41 చెప్పేది పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ప్లగ్గు పీకేసినా, కరెంటు పోయినా అదే నమోదవుతుంది. దానితోపాటు `WHEA-Logger 18` కూడా ఉంటే హార్డ్‌వేర్ లోపమన్న వాదనకు బలం వస్తుంది. అది లేకపోతే "ప్రాసెసర్ పాడైంది" అని తీర్మానించకూడదు. "కారణం ఇంకా తేలలేదు" అని ఉన్నదున్నట్టు రాయాలి.

0-0 నుంచి మళ్లీ ఆడిద్దామని అడగకపోవడంలోనూ న్యాయముంది. ఎదుటి జట్టు ఎనిమిది రౌండ్లు కష్టపడి గెలుచుకుంది. సర్వర్ ప్రతి రౌండ్‌కూ బ్యాకప్ దాస్తుంటే స్కోరు, ఆటగాళ్ల డబ్బు, ఆయుధాలు అప్పటి స్థితికే తిరిగొస్తాయి. కాబట్టి ఆ బ్యాకప్ ఫైల్ చెరిగిపోకుండా భద్రపరచమని అదే రాత్రి కోరాలి.

ఇంత చేసినా వాయిదా హక్కేమీ కాదు. పరికరాల బాధ్యత ఆటగాడిదేనని చాలా ఆన్‌లైన్ టోర్నీల నిబంధనలు చెబుతాయి. తుది నిర్ణయం నిర్వాహకులదే. అందుకే ఏ నిబంధన కింద అడుగుతున్నామో ఉత్తరంలో రాయాలి, ఫిర్యాదు గడువులోగా పంపాలి. లాగ్ ఫైల్‌ను వేరే చోట దాచుకునేదాకా ఆ పీసీలో విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకూడదు.