కవాటం గుండెలో ఉంటే ఆయాసం ఎందుకు?

మిట్రల్ కవాటం ఇరుకైనవాళ్లకు సాధారణంగా ముందు ఆయాసం వస్తుంది. కాళ్ల వాపు ఆ తర్వాతెప్పుడో వస్తుంది. ఈ వరస ఎందుకో గుండె నిలువుకోత పటం మీద వేలు పెట్టి తెలుసుకోవచ్చు.

పటంలో మనకు ఎడమవైపు కనిపించేది గుండె కుడి భాగం. గుండె గల మనిషి మనకు ఎదురుగా ఉన్నాడనుకుని బొమ్మ గీస్తారు మరి.

ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ తగ్గిన రక్తం రెండు బృహత్సిరల గుండా కుడి కర్ణికలోకి వస్తుంది. అగ్రత్రయ కవాటం దాటి కుడి జఠరికలోకి దిగుతుంది. జఠరిక ముడుచుకోగానే ఆ కవాటం మూసుకుంటుంది, పుపుస ధమని మొదట్లోని కవాటం తెరుచుకుంటుంది, రక్తం ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇక్కడే పిల్లలు తికమకపడతారు: నీలం రంగు వేసి ధమని అని రాశారేమిటని. గుండె నుంచి బయటికి రక్తం తీసుకెళ్లేది ఏదైనా ధమనే. ఆ నీలం కూడా గుర్తు కోసం వేసిందే, అసలు రక్తం ముదురెరుపు.

ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపుకున్న రక్తం పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు వస్తుంది. రెండు రెక్కల మిట్రల్ కవాటం దాటి ఎడమ జఠరికలోకి, అక్కడి నుంచి బృహద్ధమనిలోకి వెళ్తుంది. ఒళ్లంతటికీ రక్తం నెట్టాలి కాబట్టి ఈ జఠరిక గోడ పటంలో బాగా మందంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒకరి సంగతి చూద్దాం. చిన్నతనంలో రుమాటిక్ జ్వరం వచ్చింది. ఏళ్లు గడిచాక మిట్రల్ రెక్కల అంచులు అతుక్కుపోయాయి. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన దారి 1.5 కన్నా తగ్గింది. వేలిని అక్కడ ఆపి వెనక్కి జరపండి. రక్తం ముందుకు సాగక ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరుగుతుంది. పుపుస సిరలు కర్ణికలో కలిసేచోట కవాటం లేదు, అందుకే ఆ ఒత్తిడి నేరుగా ఊపిరితిత్తుల కేశనాళికలదాకా పోతుంది. వాటిలోంచి నీరు ఊరితే ఊపిరి బరువవుతుంది. మెట్లెక్కినా, జ్వరమొచ్చినా, గర్భం దాల్చినా ఆయాసం ఎక్కువవడానికి ముఖ్య కారణం గుండె వేగం. వేగం పెరిగితే కవాటం తెరిచి ఉండే సమయం తగ్గి, ఇరుకు దారిలో రక్తం దిగడం మరీ కష్టమవుతుంది.

వేలిని ఇంకా వెనక్కి తీసుకెళ్తే కుడి జఠరిక వస్తుంది. ఆ ఒత్తిడికి ఎదురుగా నెట్టీ నెట్టీ అది అలిసిపోయాకే రక్తం బృహత్సిరల్లో నిలిచి కాళ్లు వాస్తాయి, కాలేయం ఉబ్బుతుంది.

ఇరుకు ఎంతో ఎకో పరీక్షలో కొలుస్తారు. రెక్కలు మెత్తగా ఉండి, కర్ణికలో రక్తపు గడ్డ లేకుండా, కవాటం పెద్దగా కారకుండా ఉంటే బెలూన్‌తో దారి వెడల్పు చేయొచ్చు. బెలూన్ వెళ్లే దారీ పటంలో ఉంది. గజ్జల దగ్గరి సిర గుండా అధో బృహత్సిరలోకి, కుడి కర్ణికలోకి వెళ్లి, కర్ణికల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, ఎడమ కర్ణికలోంచి మిట్రల్ కవాటాన్ని చేరుతుంది.