దుకాణం వెబ్‌సైటుకు కాపలా

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చాలావరకు వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తాయి. మంగళగిరి చీరల దుకాణమైనా, ఆత్రేయపురం పూతరేకులు పార్సిల్ చేసే కుటుంబమైనా, తెలిసినవాళ్లతో సైటు కట్టించుకున్నాక దాని జోలికి పోకపోవడం మామూలే. ‘మా సైటులో దోచుకోవడానికేముంది’ అనుకుంటారు. దాడి చేసేది మనిషైతే ఆ మాట కొంత నిజం. కానీ రాత్రింబవళ్లు ఇంటర్నెట్‌ను గాలించే ప్రోగ్రాములకు దుకాణం పేరుతో పనిలేదు. ఎక్కడ లోపం దొరికితే అక్కడ దూరి, నకిలీ మందుల ప్రకటనలు దాచడానికో మోసపు మెయిళ్లు పంపడానికో ఆ సైటును వాడుకుంటాయి.

అన్నిటికన్నా తేలికైన జాగ్రత్త హెచ్‌టీటీపీఎస్. సైటు చిరునామా `https://`తో మొదలైతే, కస్టమరు ఫారంలో రాసే ఫోన్ నంబరునూ యజమాని కొట్టే పాస్‌వర్డ్‌నూ దారిలో ఎవరూ చదవలేరు. ఇందుకు కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. గడువు తక్కువ కనుక దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవాలి. లేకపోతే ఓ ఉదయం కస్టమర్లకు సైటు బదులు బ్రౌజర్ హెచ్చరిక కనిపిస్తుంది. అయితే దీనివల్ల భద్రత దారిలో వెళ్లే సమాచారానికే. మోసగాళ్ల సైట్లకూ ఇదే సర్టిఫికెట్ ఉంటుంది.

అసలు ప్రమాదం పాతబడిన సాఫ్ట్‌వేర్‌తో. 2017 జనవరి 26న వర్డ్‌ప్రెస్ 4.7.2 విడుదలైంది. అంతకు ముందరి 4.7, 4.7.1లలో, లాగిన్ కాకుండానే ఎవరైనా సైటులోని పేజీలను మార్చేయగల లోపం ఉంది. అప్‌డేట్ అందరికీ చేరడానికి వ్యవధి ఇచ్చి, ఫిబ్రవరి 1న ఆ లోపాన్ని బయటపెట్టారు. కొద్ది రోజుల్లోనే, అప్‌డేట్ కాని సైట్లలో లక్షల పేజీలు చెడిపోయాయి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపకుండా ఉంచినవారికి ఏమీ కాలేదు. లోపం గురించి ప్రకటన వచ్చిందంటే దొంగలకూ తెలిసినట్టే. అందుకే ‘తీరిగ్గా చేద్దాం’ అనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

వర్డ్‌ప్రెస్ కన్నా ప్లగిన్లతోనే ఎక్కువ చిక్కు. ఎప్పుడో పండగ ఆఫర్ కోసం పెట్టి మరిచిపోయిన స్లైడర్ ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేస్తే చాలదు. దాని ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, డిలీట్ చేయాలి. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ను ఊరికే ఇస్తామనే సైట్ల జోలికి అసలు వెళ్లకూడదు. అలాంటి వాటిలో దొంగ కోడ్ ముందే కలిపి ఉండటం కద్దు.

లాగిన్ విషయానికొస్తే, `wp-login.php` పేజీ దగ్గర పాస్‌వర్డ్‌లు ఊహించి కొట్టే ప్రయత్నాలు నిత్యం జరుగుతూనే ఉంటాయి. దుకాణం పేరూ పక్కన 123 కలిపితే క్షణాల్లో దొరికిపోతుంది. పొడవైన, మరెక్కడా వాడని పాస్‌వర్డ్, దానికి తోడు ఫోన్‌లోని ఆథెంటికేటర్ యాప్ చూపే కోడ్ ఉండాలి. సరుకు ఫొటోలు ఎక్కించే కుర్రాడికి అడ్మిన్ హోదా అక్కర్లేదు, ఎడిటర్ చాలు. సైటు కట్టి వెళ్లిపోయిన డెవలపర్ ఖాతా తీసేయడం ఎక్కువమంది మరిచే పని.

ఇన్ని చేసినా సైటు చేజారవచ్చు. ఉదాహరణకు, గూగుల్‌లో `site:` అని కొట్టి, ఖాళీ వదలకుండా పక్కనే సొంత చిరునామా రాస్తే, చీరల పేజీల మధ్య ఎవరూ రాయని జపనీస్ పేజీలు కనిపించాయనుకుందాం. హోస్టింగ్ కంపెనీ దగ్గర ఏడు రోజుల బ్యాకప్‌లున్నాయి. దొంగ కోడ్ చేరి ఇరవై రోజులైతే ఆ ఏడింటిలోనూ అదే ఉంటుంది. అందుకే రోజువారీవే కాక, వారానికొకటి, నెలకొకటి చొప్పున పాత కాపీలు కూడా ఉండాలి. అవి సైటున్న సర్వర్‌లో కాక వేరే చోట ఉండాలి. డేటాబేస్ ఒక్కటే దాస్తే ఫొటోలు పోతాయి. `wp-content` ఫోల్డర్ ఒక్కటే దాస్తే ఆర్డర్లు, ధరలు పోతాయి. రెండూ కావాలి. బ్యాకప్ జిప్ ఫైలును సైటు ఫోల్డర్‌లోనే వదిలేస్తే, పేరు ఊహించగలిగినవారెవరైనా దించుకోవచ్చు.

ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఓ ఖాళీ సబ్‌డొమైన్‌లో బ్యాకప్‌ను తిరిగి నిలబెట్టి చూస్తే తప్ప అది పనికొస్తుందో లేదో తెలియదు. నిజంగా అవసరపడి పాత కాపీ పెట్టినప్పుడు, వెంటనే అన్నీ అప్‌డేట్ చేసి పాస్‌వర్డ్‌లు మార్చాలి. లేకపోతే దొంగ వచ్చిన దారి తెరిచే ఉంటుంది.

ఇక స్పామ్. వ్యాఖ్యలు అక్కర్లేని దుకాణం వాటిని మూసేయడమే మేలు. సంప్రదింపుల ఫారంలో మనుషులకు కనబడని గడి ఒకటి పెడితే, కనిపించిన ప్రతి గడినీ నింపే ప్రోగ్రాములు చాలావరకు అక్కడే పట్టుబడతాయి. దానికీ లొంగకపోతేనే క్యాప్చా పెట్టాలి, ఎందుకంటే అది నిజమైన కస్టమరునూ విసిగిస్తుంది. ఏ వడపోతా పూర్తిగా నమ్మదగినది కాదు. పెళ్లికి ముప్పై చీరలు కావాలని అడిగిన మెయిలు కూడా స్పామ్‌లో పడవచ్చు. కాబట్టి అనుమానం వచ్చినవాటిని వెంటనే చెరిపేయకుండా దాచేలా పెట్టుకుని, వారానికోసారి తిరగేయాలి.