మూడున్నర నిమిషాల తేడా

డిగ్రీ భౌతికశాస్త్రం ప్రాక్టికల్ రికార్డులో పట్టకం ప్రయోగం చివర సాధారణంగా రెండే ముక్కలుంటాయి. ఫలితం: గాజు వక్రీభవన గుణకం 1.517. దాని కింద జాగ్రత్తలు: చీలిక సన్నగా ఉండాలి, పట్టక పీఠం సమతలంగా ఉండాలి, రెండు వెర్నియర్లూ చదవాలి. జాగ్రత్తలు ప్రయోగం చేసేటప్పుడు పాటించాల్సినవి. అంతా అయిపోయాక వాటిని వల్లెవేస్తే చదివేవాళ్లకు కొత్తగా తెలిసేదేమీ లేదు. వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు, పట్టికలో ఉన్న విలువకూ దానికీ తేడా ఎందుకు వచ్చింది అన్నవే అప్పుడు తేలాలి. నివేదికలో చర్చ, ముగింపు అనే భాగాలు ఉన్నది అందుకే.

ప్రయోగం చాలామంది చేసిందే. సోడియం దీపం పసుపు కాంతిని స్పెక్ట్రోమీటర్ చీలిక గుండా పట్టకం మీదికి పంపుతారు. పట్టకాన్ని మెల్లగా తిప్పుతుంటే చీలిక ప్రతిబింబం ఒక వైపు జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగి వెనక్కి మళ్లుతుంది. ఆ మలుపు దగ్గర కాంతి దారి తప్పిన కోణమే కనిష్ఠ విచలన కోణం. దీన్నీ పట్టకం కోణాన్నీ కలిపి ఒకే సూత్రంలో పెడతారు:

n = sin((A + D)/2) / sin(A/2)

ఇందులో A పట్టక కోణం, D కనిష్ఠ విచలన కోణం. కళాశాలల్లో ఉండే స్పెక్ట్రోమీటర్ వెర్నియర్‌తో ఒక నిమిషం వరకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు వరకు చదవవచ్చు.

ఒక విద్యార్థిని కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. పట్టక కోణం 59 డిగ్రీల 58 నిమిషాలు. విచలన కోణాన్ని మళ్లీ మళ్లీ కొలిస్తే 38 డిగ్రీల 38 నిమిషాల నుంచి 42 నిమిషాల వరకు వచ్చింది, సగటు 38 డిగ్రీల 40 నిమిషాలు. సూత్రంలో వేస్తే గుణకం 1.5174. పట్టకం పెట్టె మీద బి.కె.7 అనే క్రౌన్ గాజు రకం పేరుంది. సోడియం కాంతికి ఆ గాజు గుణకం పట్టికలో 1.5167. తేడా 0.0007.

ఇక్కడ చాలా రికార్డులు శాతాల్లోకి దిగుతాయి. తేడా 0.05 శాతం కూడా లేదు కాబట్టి ప్రయోగం విజయవంతమైంది అని రాస్తారు. ఆ శాతం మనల్ని మోసం చేస్తుంది. ప్రయోగశాలలో దొరికే గాజులన్నీ దాదాపు 1.45కూ 1.9కీ మధ్యే ఉంటాయి. ఎంత అజాగ్రత్తగా కొలిచి 1.46 అని తేల్చినా దోషం నాలుగు శాతం దాటదు. పోల్చాల్సింది గుణకంతో కాదు, మన కొలతలోని అనిశ్చితితో.

ఆ అనిశ్చితిని లెక్కగట్టడం కష్టమేమీ కాదు. ఈ పట్టకం విషయంలో విచలన కోణం ఒక నిమిషం పెరిగితే గుణకం 0.00019 పెరుగుతుంది. పట్టక కోణం ఒక నిమిషం పెరిగితే గుణకం దాదాపు అంతే తగ్గుతుంది. విచలన కోణంలో రెండు నిమిషాలు, పట్టక కోణంలో ఒక నిమిషం అటూ ఇటూ కావచ్చని తీసుకుంటే వాటి వాటాలు 0.00038, 0.00019. రెండిటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే 0.0004 చిల్లర. కాబట్టి ఫలితం 1.5174 ± 0.0004. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నిమిషాన్ని రేడియన్లలోకి మార్చకుండా డిగ్రీలుగానే సూత్రంలో వేస్తే అనిశ్చితి 57 రెట్లు ఉబ్బుతుంది. నిమిషం వరకు చదివే పరికరంతో కొలిచి ± 0.01 అనో ± 0.02 అనో రాసిన రికార్డు కనబడితే ముందుగా ఈ మార్పిడినే అనుమానించాలి.

ఇప్పుడు తేడా 0.0007 అనేది అనిశ్చితికి ఒకటిన్నర రెట్ల పైచిలుకు. అంత తేడా యాదృచ్ఛికంగానే సుమారు పదింట ఒకసారి వస్తుంది. కొలత పట్టికతో పొసగుతోందని చెప్పవచ్చు, కానీ ఒక్క అనిశ్చితి హద్దులోపలే పడిందని చెప్పకూడదు. విద్యార్థిని ± 0.0001 అని బడాయికి రాసి ఉంటే ఇదే తేడా ఏడు రెట్లయ్యేది, అప్పుడు ఎక్కడో తప్పుందని ఒప్పుకోక తప్పేది కాదు. ± 0.01 అని రాసి ఉంటే పట్టికతో ఇట్టే కలిసిపోయేది, కానీ 1.522 ఉండే మరో క్రౌన్ గాజు కె5తోనూ అలాగే కలిసిపోయేది. అంటే చేతిలో ఉన్నది ఏ గాజో ఆ కొలత చెప్పలేదు.

ఆ 0.0007ను విచలన కోణంలోకి మారిస్తే దాదాపు మూడున్నర నిమిషాలు. చర్చ రాసేవాళ్లకు ఇదే అసలు పనిముట్టు. ఏ కారణం చెప్పినా అది ఎన్ని నిమిషాలు తేగలదో చూడాలి. “మానవ తప్పిదం” అనే మాట అలా తూచడానికి లొంగదు కాబట్టి దాన్ని కొట్టేయడం మేలు.

ముందుగా గది వేడి. రికార్డుల్లో తరచూ కనిపించే సాకు ఇది. బి.కె.7 గాజు గుణకం డిగ్రీ సెల్సియస్‌కు పది లక్షల్లో కొద్ది భాగాలే మారుతుంది. గది పది డిగ్రీలు వేడెక్కినా కదిలేది నిమిషంలో చిన్న ముక్క మాత్రమే. సోడియం కాంతిలో 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలుంటాయి కదా అనవచ్చు. ఆ రెండిటి మధ్య గుణకం తేడా 0.00003 లోపే. ఇదీ చాలదు. అయితే తరంగదైర్ఘ్యం విషయంలో పెద్ద పొరపాటు ఒకటి జరగవచ్చు. పాదరసం దీపం ఆకుపచ్చ గీతతో కొలిచి, పట్టికలో సోడియం విలువతో పోల్చితే, అక్కడే 0.002 తేడా పుడుతుంది. గాజు గుణకం అంటే ఏ రంగు కాంతికో చెప్పని అంకెకు అర్థం లేదు. సోడియం పసుపును డి గీత అంటాం, ఆ అక్షరం 1814 ప్రాంతంలో సూర్యకాంతిలోని నల్లగీతలకు జర్మనీ గాజు నిపుణుడు ఫ్రాన్‌హోఫర్ పెట్టిన పేర్లలో ఒకటి. ఆయన ఆ గీతల్ని గుర్తులుగా వాడుకుని గాజుల గుణకాలు కొలిచాడు.

తర్వాత కనిష్ఠ స్థానం సరిగ్గా పట్టుకోకపోవడం. ఇది చాలా ఆసక్తికరమైన అనుమానం. విచలన వక్రం బాణలి అడుగులా ఉంటుంది, మధ్యలో దాదాపు చదునుగా. పట్టకం సరైన స్థానం నుంచి ఒక డిగ్రీ పక్కకు తిరిగి ఉన్నా విచలనం పెరిగేది ఒక్క నిమిషమే. రెండు డిగ్రీలు తిరిగితే మూడున్నర నిమిషాల పైన. ఇంకో సంగతి, ఈ పొరపాటు ఎప్పుడూ ఒకే దిక్కున లాగుతుంది. కనిష్ఠం కంటే తక్కువ విచలనం ఉండదు కాబట్టి గుణకం ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. మన విద్యార్థిని విలువ కూడా ఎక్కువే వచ్చింది. దిక్కు సరిపోయింది. కానీ తేడా మొత్తాన్నీ దీని మీద వేయాలంటే ఆమె పట్టకాన్ని రెండు డిగ్రీలు పక్కన పెట్టి ఉండాలి. ప్రతిబింబం వెనక్కి మళ్లడాన్ని ప్రతిసారీ చూసి చదివిన వాళ్లకు అంత తేడా రావడం కష్టం. కాబట్టి ఒక వాటా మాత్రమే ఇవ్వగలం.

రెండో అనుమానం స్కేలు కేంద్రం. వృత్తాకార స్కేలు కేంద్రం, దూరదర్శిని తిరిగే అక్షం సరిగ్గా ఒకటి కాకపోతే కోణాలు తప్పుతాయి. 75 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న స్కేలులో 0.05 మిల్లీమీటర్ల పక్కదారి చాలు, రెండు నిమిషాల పైన తేడా రావచ్చు. ఎదురెదురుగా ఉన్న రెండు వెర్నియర్ల సగటు తీస్తే ఇది రద్దవుతుంది. ఇది జరిగిందో లేదో రికార్డు చూసి చెప్పవచ్చు. రెండు వెర్నియర్ల నుంచి వచ్చిన కోణాలు ఒకదానితో ఒకటి ఒకే వైపు, ఒకేలా తేడా పడుతుంటే స్కేలు పక్కకు ఉన్నట్టే. ఒక్క వెర్నియరే చదివి ఉంటే ఈ రెండు నిమిషాలను తోసిపుచ్చే వీలే లేదు, చర్చలో ఆ మాట రాయాలి.

ఇక అసలు ప్రలోభం. దుకాణంలో కొన్న పట్టకాన్ని అందరూ 60 డిగ్రీల పట్టకం అంటారు. విద్యార్థిని తాను కొలిచిన 59 డిగ్రీల 58 నిమిషాలను పక్కన పెట్టి 60 వేస్తే గుణకం 1.5170కి దిగుతుంది. తేడా సగానికి పైగా మాయం. స్నేహితులు ఇచ్చే సలహా కూడా అదే అయి ఉంటుంది. కానీ 60 అనేది తయారీదారు పెట్టిన పేరు, అది కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఉండవచ్చు. తాను కొలిచిన కోణానికి ఒక నిమిషం అనిశ్చితి ఉందని తనే రాసింది, పేరుకున్న నిక్కచ్చితనం ఎంతో ఎక్కడా రాసి లేదు. జవాబు దగ్గరవుతుందని కొలతను మార్చితే మిగిలేది ఫలితం కాదు, పట్టిక నకలు. చర్చలో ఈ పోలిక చెప్పడం మాత్రం తప్పు కాదు. తన కొలతలో పట్టక కోణం రెండు నిమిషాలు తక్కువ పడి ఉంటే గుణకం ఎంత మారుతుందో దీనితో కనిపిస్తుంది, కాబట్టి ఆ కోణాన్ని మళ్లీ కొలవాలనే సూచనకు ఆధారం దొరుకుతుంది.

ఇంతా తేలాక ముగింపు నాలుగు వాక్యాలు చాలు. “సోడియం కాంతికి ఈ పట్టకం గాజు వక్రీభవన గుణకం 1.5174 ± 0.0004. బి.కె.7 గాజు విలువ 1.5167తో తేడా అనిశ్చితికి 1.6 రెట్లు, కాబట్టి ఆ గాజు కాదనడానికి ఆధారం లేదు. కె5 గాజు విలువతో తేడా పన్నెండు రెట్లు, కాబట్టి అది కాదు. అనిశ్చితిలో పెద్ద వాటా విచలన కోణానిది.” జాగ్రత్తలు, ప్రయోగ విజయం, నేర్చుకున్న పాఠాలు ఇక్కడ అక్కర్లేదు. కొత్త వాదన కూడా ఇక్కడ తేకూడదు, ఏదైనా ఉంటే చర్చలోనే తేల్చుకోవాలి.

చివరి వాక్యం తర్వాతి పనికి దారి చూపిస్తుంది. విచలన కోణాన్ని పట్టకానికి ఒక వైపే కాక రెండో వైపు కూడా తిప్పి కొలిస్తే రెండు ప్రతిబింబాల మధ్య ఉండేది రెట్టింపు విచలనం. సగం చేసేటప్పుడు చదువులోని తప్పు కూడా సగమవుతుంది, పట్టకం తీసేసి నేరు కాంతి స్థానాన్ని చదవాల్సిన పనీ తప్పుతుంది. విచలనంలో రెండు నిమిషాలు ఒక నిమిషానికి దిగితే మొత్తం అనిశ్చితి 0.0003 దగ్గరికొస్తుంది. అప్పుడు కూడా 0.0007 తేడా అలాగే నిలిచి ఉంటే అది రెండున్నర రెట్లయి, యాదృచ్ఛికం అని దాటేయడం కష్టమవుతుంది. అప్పుడు ముందు పట్టక కోణాన్ని, తర్వాత పెట్టె మీది పేరును అనుమానించాల్సి వస్తుంది.