కెమెరా చూపిన చోటికి రోబో చెయ్యి చేరాలంటే

బల్లకు 1.2 మీటర్ల ఎత్తున బిగించిన కెమెరా కింద ఒక నట్టు ఉందనుకుందాం. అది ఎక్కడుందో కెమెరా తన దగ్గర్నుంచి కొలిచి చెబుతుంది. రోబో చెయ్యి మాత్రం దూరాలన్నీ తన పీఠం నుంచి లెక్కిస్తుంది. ఆ కొలత ఈ కొలతగా మారాలంటే పీఠానికి కెమెరా ఎంత దూరంలో, ఏ వంపులో ఉందో తెలియాలి. టేపుతో కొలిస్తే దూరం ఎంతోకొంత దొరుకుతుంది గాని వంపు దొరకదు. వంపులో అర డిగ్రీ తేడా ఉన్నా మీటరు దూరాన దాదాపు 9 మిల్లీమీటర్లు తప్పుతుంది. వేళ్లు నట్టు పక్కన గాలిని పట్టుకుంటాయి.

అందుకే ఆ సంబంధాన్ని లెక్కకట్టి రాబడతారు. దీనికే హ్యాండ్-ఐ కాలిబ్రేషన్ అని పేరు. చదరంగం గళ్లు ముద్రించిన పలకను రోబో చేతికి గట్టిగా బిగించి, పదిహేను ఇరవై భంగిమల్లో నిలుపుతారు. ప్రతిసారీ చెయ్యి ఎక్కడుందో రోబో నుంచి, పలక ఎక్కడుందో ఫోటో నుంచి తీసుకుంటారు. పలకను చేతికి ఏ కోణంలో బిగించామో కొలవక్కర్లేదు, అది మధ్యలో జారకపోతే చాలు. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు జరిగిన కదలికను రోబో ఒకలా, కెమెరా మరోలా చెబుతాయి. ఆ రెండు మాటలూ పొసిగేలా చేసే కెమెరా స్థానమే మనకు కావలసిన జవాబు. AX = XB అనే ఈ సమీకరణానికి సాయ్, లెంజ్ 1989లో ప్రచురించిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

ఎక్కువమంది దెబ్బతినేది భంగిమల ఎంపికలోనే. చేతిని తిప్పకుండా అటూ ఇటూ జరిపితే కెమెరా వంపు తేలుతుంది గాని దూరం తేలదు. నిలువు ఇరుసు చుట్టూ మాత్రమే తిప్పితే ఎత్తు తేలదు. అయినా సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది, చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది! పలకను కనీసం రెండు వేర్వేరు దిశల్లో, ఇరవై ముప్ఫై డిగ్రీల దాకా బాగా వంచి చూపాలి. ఓపెన్‌సీవీ వాడేవారు ఇంకొకటి గమనించాలి. అందులోని `calibrateHandEye` చేతిమీద అమర్చిన కెమెరా కోసం రాసింది. కెమెరా పైన స్థిరంగా ఉంటే రోబో భంగిమలను విలోమం చేసి ఇవ్వాలి.

రెండో చిక్కు ప్రింటర్ తెస్తుంది. 30 మిల్లీమీటర్ల గడి కాగితం మీద 29కి కుదించుకుపోయిందనుకోండి. మనం 30 అనే రాస్తే, చెయ్యి 300 మిల్లీమీటర్లు జరిగినప్పుడు కెమెరా 310 అంటుంది. ఈ తేడా కనబడితే భంగిమలు పెంచుకుంటూ పోవడం దండగ. వెర్నియర్‌తో పది గళ్లు కలిపి కొలిచి, సరైన అంకె ఇవ్వాలి.

అన్నీ అయ్యాక సూదిమొన బిగించి, బల్ల నాలుగు మూలలా, మధ్యలోనూ కెమెరా చూపిన చుక్కలను తాకించి చూడండి. తప్పు అన్నిచోట్లా ఒకేలా, ఒకే వైపుకు ఉంటే ముందుగా మొన కొలతను అనుమానించాలి. అంచులకు పోయేకొద్దీ పెరుగుతుంటే వంపునో, గడి కొలతనో అనుమానించాలి. కెమెరా స్టాండుకు ఎవరి చెయ్యైనా తగిలిన రోజున ఈ పరీక్ష మళ్లీ చేయకుండా రోబోను పనిలో పెట్టకండి.